పవర్ బ్యాంక్ మీతో, పెద్ద సీసాలు సూట్‌కేసులో: విమానానికి బ్యాగులు ఎలా సర్దుకోవాలి?

విమాన ప్రయాణానికి సర్దుకునేటప్పుడు మన చూపంతా బరువు మీదే ఉంటుంది. బరువుగా ఉన్నవన్నీ చెక్ఇన్ చేసే పెద్ద సూట్‌కేసులోకి తోసేస్తాం. పవర్ బ్యాంక్ కూడా బరువైనదే కాబట్టి దానితో పాటే లోపలికి వెళ్లిపోతుంది. షాంపూ సీసా మాత్రం దారిలో పనికొస్తుందని హ్యాండ్ లగేజీలో పెట్టుకుంటాం. నియమాలు సరిగ్గా దీనికి తలకిందులుగా ఉన్నాయి.

కారణం తెలిస్తే నియమం మరిచిపోరు. లిథియం బ్యాటరీ లోపల ఎక్కడైనా షార్ట్ అయితే ఒక సెల్ వేడెక్కి, ఆ వేడి పక్క సెల్‌ను అంటిస్తుంది. అలా వరసగా అంటుకుంటూ పోతుంది. సామాన్లు పెట్టే కింది గదిలో మంటలార్పే వాయువు ఉంటుంది కానీ, అది మంటను అణచగలదే తప్ప బ్యాటరీని చల్లబరచలేదు. పైన క్యాబిన్‌లో అయితే పొగ వెంటనే కనిపిస్తుంది, మనుషులు ఉంటారు, నీళ్లు పోయగలరు. అందుకే విడి బ్యాటరీలు, పవర్ బ్యాంకులు మనతోనే రావాలి.

ముందుగా లేబుల్ చదవండి

అంతర్జాతీయ నియమాల్లో లెక్క వాట్ అవర్లలో, అంటే బ్యాటరీలో ఎంత శక్తి నిల్వ ఉంటుందో చెప్పే Wh అంకెలో ఉంటుంది. 100 వరకు ఉంటే అనుమతి అడగక్కర్లేదు. 100 దాటి 160 వరకు ఉంటే విమాన సంస్థ ముందుగా ఒప్పుకోవాలి, అవి కూడా రెండుకు మించకూడదు. 160 దాటితే ప్రయాణికుల సామానులో ఎక్కడా పెట్టకూడదు.

పవర్ బ్యాంక్ వెనక Wh అని రాసి ఉంటే పని సులువు. mAh మాత్రమే ఉంటే ఇలా లెక్క వేయాలి:

```
Wh = (mAh ÷ 1000) × V
```

ఇక్కడే చాలామంది పొరబడతారు. లేబుల్ మీద రెండు వోల్టేజీలు కనిపిస్తాయి. ఫోన్‌కు బయటికి వచ్చేది 5 వోల్టులు, లోపలి సెల్ వోల్టేజీ సాధారణంగా 3.7. పెద్ద అక్షరాల్లో రాసే mAh మామూలుగా లోపలి సెల్ లెక్క, కాబట్టి దాన్ని 3.7తోనే గుణించాలి. 20,000 అని ఉన్నదాన్ని తీసుకుందాం. 20 ఇంటూ 3.7 అంటే 74 వాట్ అవర్లు. దీనికి ఏ ఇబ్బందీ లేదు. అదే పొరపాటున 5తో గుణిస్తే 100 వచ్చి అనవసరంగా టెన్షన్ పడతాం. 30,000 అయితే 30 ఇంటూ 3.7, అంటే 111. ఇది పరిమితి దాటింది కాబట్టి బయలుదేరే ముందే విమాన సంస్థ అనుమతి తీసుకోవాలి.

లేబుల్ అరిగిపోయి అంకెలు కనిపించకపోతే దాన్ని ఇంట్లోనే వదిలేయండి. తనిఖీ చేసే వ్యక్తికి చూపించడానికి మీ దగ్గర ఇంకే ఆధారమూ ఉండదు. ఉబ్బినా, అంచుల దగ్గర డొప్ప విచ్చుకున్నా, ఏమీ చేయకుండానే వేడెక్కుతున్నా, ఏదో వాసన వస్తున్నా అది పాడైన బ్యాటరీ. దాన్ని ఏ బ్యాగులోనూ పెట్టకూడదు.

తర్వాత బ్యాటరీల కొసలు కప్పండి

కెమెరా విడి బ్యాటరీలు చిన్నవే, వాట్ అవర్ల లెక్కలో భయం లేదు. వాటి ప్రమాదం వేరు. బ్యాగులో తాళంచెవో నాణెమో రెండు కొసలకూ ఒకేసారి తగిలితే షార్ట్ అవుతుంది. కొన్నప్పుడు వచ్చిన డబ్బీ ఉంటే అందులో పెట్టండి. లేదంటే కొసల మీద టేపు అంటించి, ఒక్కోదాన్ని ఒక్కో చిన్న సంచిలో వేయండి. పవర్ బ్యాంక్‌ను కూడా కేబుల్ తీసేసి విడి సంచిలో పెడితే మంచిది.

ల్యాప్‌టాప్, కెమెరా లాంటి వాటిలో బ్యాటరీ లోపలే ఉంటుంది కాబట్టి నియమం కొంచెం మెత్తన. తప్పదంటే చెక్ఇన్ బ్యాగులో పెట్టవచ్చు, కానీ పూర్తిగా ఆఫ్ చేయాలి. స్లీప్ మోడ్‌లో ఉంటే సరిపోదు. నొక్కుకుపోకుండా బట్టల మధ్య పెట్టాలి. అయినా అవి చేతిలో ఉండటమే మేలని నా అభిప్రాయం.

ద్రవాల సంగతి

ఇది పొట్టి నియమమే. పిండితే వచ్చేది, పూస్తే అంటుకునేది, స్ప్రే చేసేది ఏదైనా ద్రవమే అనుకోండి. అంటే టూత్‌పేస్టు కూడా. హ్యాండ్ లగేజీలో ఒక్కో సీసా 100 మిల్లీలీటర్లకు మించకూడదు, అన్నీ కలిపి ఒక లీటరు పట్టే పారదర్శక సంచిలో పట్టాలి. చూసేది సీసా పరిమాణమే. 150 మిల్లీలీటర్ల ట్యూబులో అడుగున కొంచెమే మిగిలినా తీసేయిస్తారు. మందులు, పసిపిల్లల పాలు దీనికి మినహాయింపు, కానీ వాటిని ముందే బయటికి తీసి చూపించాలి.

2006 ఆగస్టులో ద్రవ పేలుడు పదార్థాలతో విమానాలు పేల్చే కుట్ర బ్రిటన్‌లో బయటపడ్డాక వచ్చిన నియమం ఇది. కొత్త స్కానర్లు పెట్టిన కొన్ని విమానాశ్రయాలు దీన్ని సడలించాయి. అయితే మధ్యలో మారే చోటా, తిరిగి వచ్చే చోటా పాతదే అమల్లో ఉండొచ్చు, కాబట్టి 100కే సర్దుకోండి. డ్యూటీ ఫ్రీలో కొన్న సీసాను సీలు వేసిన సంచిలోనే, బిల్లుతో సహా, చివరి గమ్యం దాకా విప్పకుండా ఉంచండి.

పెద్ద సీసాలన్నీ చెక్ఇన్ సూట్‌కేసులోకి వెళ్లాలి. పైకి వెళ్లాక గాలి ఒత్తిడి తగ్గి సీసాలు కారతాయి. మూత తీసి, మూతి మీద చిన్న ప్లాస్టిక్ ముక్క పరిచి, మళ్లీ బిగించండి.

గేటు దగ్గర అసలు పరీక్ష

ఇంట్లో అంతా సరిగ్గా సర్దుకున్నవాళ్లు కూడా తప్పు చేసేది ఇక్కడే. ఒకసారి చిన్న విమానం ఎక్కబోతుంటే, పైన చోటు లేదని నా హ్యాండ్ లగేజీకి అక్కడికక్కడే ట్యాగ్ కట్టి కిందికి పంపబోయారు. అందులో అట్టడుగున పవర్ బ్యాంక్ ఉంది. ఎవరూ అడగలేదు. నాకు గుర్తొచ్చి, వరసలో నిలబడి బట్టలన్నీ తీసి దాన్ని బయటికి లాగాను. అప్పటినుంచి పవర్ బ్యాంక్, విడి బ్యాటరీలు ఒకే చిన్న సంచిలో వేసి బ్యాగు పై జేబులో పెడుతున్నాను. బ్యాగు ఇవ్వమంటే ఆ సంచి ఒక్కటి తీసుకుంటే చాలు.

ఎక్కాక

2025 జనవరి 28న దక్షిణ కొరియాలో, బుసాన్‌లోని గిమ్‌హే విమానాశ్రయంలో, బయలుదేరబోతున్న ఎయిర్ బుసాన్ విమానం సీట్ల పైనుండే సామాన్ల అరలో మంట మొదలై కాలిపోయింది. అందులోని 176 మందీ బయటపడ్డారు. ఒక పవర్ బ్యాంక్ లోపలి ఇన్సులేషన్ దెబ్బతినడం కారణమై ఉండొచ్చని దర్యాప్తు అధికారులు చెప్పారు. ఆ తర్వాత చాలా సంస్థలు నియమాలు బిగించాయి. కొన్ని విమానంలో పవర్ బ్యాంక్ వాడనివ్వవు, కొన్ని సంఖ్యకు పరిమితి పెట్టాయి, కొన్ని పై అరలో పెట్టొద్దంటాయి. టికెట్ కొన్న సంస్థ వెబ్‌సైటులో ఈ మూడూ చూసుకోండి. ఏమీ రాసి లేకపోయినా ముందు సీటు జేబులో, కంటికి కనిపించేలా పెట్టుకోండి.

అది వేడెక్కినా, పొగ వచ్చినా వెంటనే సిబ్బందిని పిలవండి. దుప్పటి కప్పొద్దు, వేడి లోపలే నిలిచిపోతుంది. ఫోన్ సీటు సందులో పడిపోతే సీటును వెనక్కీ ముందుకీ కదపకండి. ఆ ఇనుప మెకానిజం మధ్య బ్యాటరీ నలిగితే మంట అక్కడే మొదలవుతుంది. కదలకుండా బటన్ నొక్కి పిలిస్తే వాళ్లే వచ్చి తీసిస్తారు.