పుట్ ఆప్షన్లతో షేర్లకు బీమా: ఎలా కొనాలి, ఏడాదికి ఎంతవుతుందో ఎలా లెక్కేయాలి?

మా బావగారికి షేర్లలో 30 లక్షలున్నాయి. అమ్మాయి వచ్చే ఏడాది ఎమ్మెస్‌కి అమెరికా వెళ్తోంది, అందులోంచి ఓ 10 లక్షలు ఫీజుకి తీయాలి. ఈలోపు మార్కెట్ పడితే ఎలా అని టెన్షన్. పుట్ కొంటే బీమాలా పనిచేస్తుందని ఎవరో చెప్పారట, ఆదివారం భోజనాలయ్యాక నన్ను కూర్చోబెట్టి అడిగారు: "అదంతా సరే గానీ, ఏడాదికి ఎంత కట్టాలి? ముందు అది చెప్పు." చాలామంది పుట్ ఎలా కొనాలో నేర్చుకుంటారు గానీ ఈ ప్రశ్న అడగరు. ఆ రోజు కాగితం మీద వేసిన లెక్కే ఇక్కడ రాస్తున్నాను. ఇందులోని ప్రీమియంలు లెక్క కోసం తీసుకున్నవి, మీరు చేసేటప్పుడు ఆ రోజు ధరలు వేసుకోండి.

పుట్ అంటే ఫలానా ధరకి అమ్మే హక్కు. నిఫ్టీ 25,000 దగ్గర ఉన్నప్పుడు 24,000 పుట్ కొన్నారంటే, గడువు రోజున నిఫ్టీ 24,000 కంటే ఎన్ని పాయింట్లు కింద ఉంటే అన్ని పాయింట్ల డబ్బు మీకొస్తుంది. పైన ఉంటే కట్టిన ప్రీమియం పోతుంది, అంతకు మించి పోయేదేం లేదు. మొదటి 1,000 పాయింట్ల నష్టం మీదే, అంటే కారు బీమాలో మొదటి కొంత మనమే భరించినట్టు.

1. మీ షేర్లు నిఫ్టీతో పాటు నడుస్తాయో లేదో చూడండి

ఒక్కో కంపెనీకి విడిగా పుట్ కొనొచ్చు గానీ నేను వద్దంటాను. అన్ని కంపెనీలకీ ఆప్షన్లు ఉండవు, ఉన్నవాటిలో కూడా గడువు దాకా ఉంచితే డబ్బు కాకుండా షేర్లే ఇచ్చిపుచ్చుకోవాల్సి వస్తుంది. నిఫ్టీ ఆప్షన్ నేరుగా డబ్బుతో తేలిపోతుంది.

అయితే నిఫ్టీ పుట్ కాపాడేది నిఫ్టీ పతనం నుంచే, మీ షేర్ల పతనం నుంచి కాదు. 2018లో ఏం జరిగిందో చూడండి. ఆ ఏడాది నిఫ్టీ సుమారు 3 శాతం పెరిగింది, స్మాల్‌క్యాప్ సూచీ మాత్రం పావు వంతుకు పైగా పడిపోయింది. చిన్న కంపెనీల షేర్లు పెట్టుకుని నిఫ్టీ పుట్‌లు కొన్నవాళ్లకి అటు షేర్లూ పోయాయి, ఇటు ప్రీమియమూ పోయింది.

అందుకే బీటా లెక్కేయాలి. స్ప్రెడ్‌షీట్‌లో రెండేళ్ల వారపు మార్పుల శాతాలు పెట్టుకోండి, B వరుసలో మీ పోర్ట్‌ఫోలియోవి, C వరుసలో నిఫ్టీవి.

```
=SLOPE(B3:B106, C3:C106)
```

బావగారికి 1.1 వచ్చింది, అంటే నిఫ్టీ 10 శాతం పడితే ఆయన షేర్లు సుమారు 11 శాతం పడతాయన్నమాట. అక్కడే `=RSQ(B3:B106, C3:C106)` కూడా కొట్టి చూడండి. అది 0.5 కంటే తక్కువొస్తే మీ షేర్ల దారి వేరు, నిఫ్టీ దారి వేరు. ఈ బీమా మీకు సరిపోదు.

2. ఎన్ని లాట్లు?

30 లక్షలని 1.1తో గుణిస్తే 33 లక్షలు. ఆప్షన్లు విడిగా కాక లాట్ అనే కట్టలుగానే కొనాలి. లాట్‌కి 65 యూనిట్లు అనుకుంటే, 25,000 దగ్గర ఒక లాట్ 16.25 లక్షల రూపాయల షేర్లకి కాపలా. 33ని 16.25తో భాగిస్తే 2 చిల్లర, కాబట్టి 2 లాట్లు, 130 యూనిట్లు. లాట్ సైజు మారుతూ ఉంటుంది, 2024లోనే కొన్ని నెలలు 25 ఉండి తర్వాత 75 అయింది, అందుకని కొనే రోజు కాంట్రాక్ట్ వివరాల్లో చూసుకోండి.

మీ పోర్ట్‌ఫోలియో ఏ 6 లక్షలో 8 లక్షలో అయితే ఇక్కడే ఆగిపోండి. 8 లక్షలకి ఒక లాట్ కొంటే ఉన్నదానికి రెట్టింపు బీమా చేసినట్టు, అది మార్కెట్ పడుతుందని పందెం కాయడమే అవుతుంది.

3. ఏడాది ఖర్చు

మూడు నెలల గడువున్న 24,000 పుట్ 240 రూపాయలనుకుందాం. 130 యూనిట్లకి 31,200. ఇది మూడు నెలలకే, ఏడాదంతా కావాలంటే నాలుగుసార్లు కొనాలి.

```
=240*130*4/3000000
```

4.16 శాతం వస్తుంది, రూపాయల్లో 1,24,800. ఈ అంకె చూసి బావగారు కాసేపు మాట్లాడలేదు. షేర్ల మీద ఏడాదికి 12 శాతం వస్తుందని ఆశపడేవాడు అందులో మూడో వంతు బీమాకే ఇచ్చేస్తే మిగిలేది ఫిక్స్‌డ్ డిపాజిట్ దగ్గరికొస్తుంది.

బీమా పనిచేసినప్పుడు ఎలా ఉంటుందో కూడా వేసి చూశాం. మూడు నెలల్లో నిఫ్టీ 20 శాతం పడి 20,000కి వచ్చిందనుకోండి. షేర్ల మీద నష్టం 22 శాతం, 6.6 లక్షలు. పుట్ మీద వచ్చేది 4,000 పాయింట్లు ఇంటూ 130, అంటే 5.2 లక్షలు. ప్రీమియం పోను 4,88,800 మిగులుతుంది. అసలు నష్టం 1,71,200, అంటే 5.7 శాతం. 22 శాతం పోవాల్సిన చోట అంతే పోయింది.

పడిపోతున్నప్పుడు కొందాంలే అనుకుంటారు చాలామంది, అప్పటికి ప్రీమియం కొండెక్కి కూర్చుంటుంది. మార్కెట్ ఎంత ఊగిసలాడుతుందో అన్న అంచనాని చూపే సూచీ ఇండియా విక్స్, 2020 మార్చిలో అది 80 దాటింది. మామూలు రోజుల్లో అది 12 నుంచి 18 మధ్య ఉంటుంది. విక్స్ ఎంత పెరిగితే పుట్ అంత ప్రియం. కాబట్టి ఏడాది ఖర్చుని ఒకే అంకెతో కాకుండా ఇవాళ్టి ప్రీమియంతో ఒకసారి, దానికి ఒకటిన్నర రెట్లతో ఒకసారి వేసుకోండి.

4. నాలుగు మూడు నెలలా, ఒకేసారి ఏడాదా?

ఏడాది గడువున్న 24,000 పుట్ సుమారు 580 అనుకోండి. 130 యూనిట్లకి 75,400, రెండున్నర శాతమే. మరి 1,24,800 ఎందుకు కట్టాలి అనిపిస్తుంది. తేడా ఎక్కడుందంటే, ఆ రెండూ ఒకే బీమా కాదు.

నిఫ్టీ ప్రతి మూడు నెలలకీ మూడున్నర శాతం చొప్పున మెల్లగా జారిందనుకోండి. ప్రతిసారీ మీరు అప్పటి ధరకి 4 శాతం కింద కొత్త పుట్ కొంటారు, ప్రతిసారీ నిఫ్టీ దానికి కొంచెం పైనే ఆగుతుంది. ఏడాది చివరికి నిఫ్టీ 21,680 దగ్గరుంటుంది, 13 శాతం పైగా పోయింది, నాలుగు ప్రీమియంలూ పోయాయి, చేతికి ఒక్క రూపాయి రాలేదు. మనం భరించాల్సిన మొదటి 4 శాతం నాలుగుసార్లు భరించాం. అదే ఏడాది పుట్ ఉంటే 2,320 పాయింట్లు, మూడు లక్షల పైచిలుకు వచ్చేది.

ఇప్పుడు తిరగేసి చూడండి. నిఫ్టీ తొమ్మిది నెలల్లో 29,000కి పెరిగి, ఆ తర్వాత మళ్లీ 25,000కి పడింది. ఏడాది పుట్ 24,000 దగ్గరే కూర్చుని ఉంటుంది, దానికేమీ రాదు. మూడు నెలలది కొనేవాడు అప్పటికి 27,850 దగ్గర పుట్ కొనుక్కుని ఉంటాడు, 2,850 పాయింట్లు వస్తాయి. అంటే ఎక్కువ కట్టేది పెరిగిన లాభాన్ని కూడా కాపాడుకోవడానికి. మీకు కావాల్సింది అసలు నిలబడటమే అయితే ఏడాది పుట్ చవక.

ఒక చిక్కుంది. నిఫ్టీలో జూన్, డిసెంబర్ గడువులతో దూరపు కాంట్రాక్టులు ఉంటాయి గానీ కొనేవాళ్లు అమ్మేవాళ్లు తక్కువ. అమ్మే ధరకీ కొనే ధరకీ 40 రూపాయల తేడా ఉంటే 130 యూనిట్లకి 5,200 అక్కడే పోతుంది. పుట్‌లో రాసుకున్న అమ్మే ధరని స్ట్రైక్ అంటారు, 24,000, 25,000 లాంటి గుండు అంకెల స్ట్రైక్‌లలోనే కాస్త కదలిక ఉంటుంది.

ఖర్చు తగ్గించడానికి నాకు నచ్చిన దారి స్ట్రైక్‌ని కిందకి జరపడం. మూడు నెలల 22,500 పుట్, అంటే 10 శాతం కిందిది, సుమారు 70 రూపాయలు ఉంటుందనుకోండి. రెండు లాట్లకి ఏడాదికి 36,400, 1.2 శాతం. పది శాతం పడటం షేర్లలో మామూలే, అది ఓర్చుకోలేనివాడు బీమా కొనడం కన్నా షేర్లు తగ్గించుకోవడమే మేలు. బీమా కావాల్సింది 2020 లాంటి దెబ్బకి: ఆ జనవరిలో 12,400 దగ్గరున్న నిఫ్టీ మార్చి 23న 7,610 దగ్గర ముగిసింది.

5. కొనేటప్పుడు

ప్రీమియం డబ్బు ఖాతాలో నగదుగా ఉండాలి, షేర్లు తాకట్టు పెట్టి వచ్చే మార్జిన్ దీనికి పనికిరాదు. ఆర్డర్‌లో గడువు నెల, స్ట్రైక్, చివర `PE` ఉందా లేదా మూడూ చూడండి. `CE` అయితే అది కాల్, అంటే కొనే హక్కు. చాలా యాప్‌లలో `MIS`, `NRML` అని రెండుంటాయి, `NRML` పెట్టండి. `MIS` పెడితే ఆ రోజు మార్కెట్ మూసేలోపే అమ్మేస్తారు, బీమా మధ్యాహ్నంతో సరి. మార్కెట్ ఆర్డర్ వద్దు, కొనే ధరకీ అమ్మే ధరకీ మధ్యలో లిమిట్ పెట్టి ఆగండి. ఆప్షన్ల లాభనష్టాలు వ్యాపార ఆదాయం కింద వస్తాయి కాబట్టి ఐటీఆర్-3 వేయాలి. ఆ నష్టాన్ని జీతంలోంచి తగ్గించుకోవడానికి లేదు.

6. ఎప్పుడు అమ్మాలో కొన్న రోజే రాసుకోండి

ఇది నేను నష్టపోయి నేర్చుకున్నది. 2024 ఎన్నికల ఫలితాల ముందు జూన్ నెల 22,500 పుట్ ఒక లాట్ కొన్నాను. జూన్ 4న నిఫ్టీ దాదాపు 6 శాతం పడి 21,884 దగ్గర ముగిసింది. ఫోన్‌లో లాభం కనపడుతోంది, ఇంకా పడుతుందేమోనని అమ్మలేదు. శుక్రవారానికల్లా నిఫ్టీ 23,290కి వచ్చేసింది, నెలాఖరుకి పుట్ సున్నా. షేర్లు కోలుకున్నాయి కాబట్టి బాధపడక్కర్లేదు అనొచ్చు, కానీ చేతికొచ్చిన డబ్బుతో ఆ రోజే పడిన షేర్లు కొని ఉండొచ్చు. అప్పటినుంచి ఒక నియమం పెట్టుకున్నాను: ప్రీమియం కొన్న ధరకి నాలుగు రెట్లైతే సగం అమ్మేయడం. ఒకటే లాట్ ఉంటే అది అమ్మి, అవసరమనుకుంటే ఇంకా కింది స్ట్రైక్‌లో కొత్తది తీసుకోవడం.

బావగారి విషయానికొస్తే, ఫీజు 10 లక్షలకి అసలు బీమా ఎందుకని ఇద్దరం అనుకున్నాం. ఆ మేరకు షేర్లు కొన్ని మార్చిలోపు, కొన్ని ఏప్రిల్‌లో అమ్మి డిపాజిట్‌లో వేస్తున్నారు. దీర్ఘకాలిక లాభం ఏడాదికి 1.25 లక్షల దాకా పన్ను లేదు కాబట్టి రెండు ఆర్థిక సంవత్సరాల్లో పంచుకుంటే ఆ మినహాయింపు రెండుసార్లు దొరుకుతుంది. మిగిలే 20 లక్షలకి బీటాతో 22 లక్షలు, ఒక్క లాట్ 22,500 పుట్. పూర్తిగా కప్పదు, ముప్పావు వంతే కప్పుతుంది, ఆయనకి అది చాలు. మూడు నెలలకి 4,550, ఏడాదికి 18,200. ఆ అంకెని అక్క ఇంటి ఖర్చుల పుస్తకంలో కారు బీమా కింద వరుసలో రాసింది.