ఫోన్‌లో 190, ల్యాప్‌టాప్‌లో 38: ఇంటి వైఫైలో తేడా ఎక్కడుందో పట్టుకోవడం

మా చెల్లెలు కూకట్‌పల్లిలో ఉంటుంది. ఇంట్లో 200 ఎంబీపీఎస్ ఫైబర్ కనెక్షన్, ఉద్యోగం ఇంటి నుంచే. ఒకరోజు ఫోన్ చేసి, "అన్నయ్యా, ఫోన్‌లో స్పీడ్ టెస్ట్ పెడితే 190 వస్తోంది. అదే సోఫాలో కూర్చుని ల్యాప్‌టాప్‌లో పెడితే 38 దాటట్లేదు. మీటింగ్‌లో నా గొంతు ముక్కలు ముక్కలుగా వినపడుతోందంటున్నారు. కొత్త రూటర్ ఆర్డర్ పెట్టేస్తున్నా" అంది.

"ఆగమ్మా, రూటర్ జోలికి వెళ్లకు" అన్నాను. ఆమె చెప్పిన మాటలోనే సగం జవాబు ఉంది. ఒకే చోట, ఒకే రూటర్ మీద ఫోన్‌కి 190 వస్తోందంటే బయటి నుంచి వచ్చే లైనూ బాగుంది, రూటరూ బాగుంది. లోపం ల్యాప్‌టాప్ వైపే. ఫోన్‌లో కూడా 38 వచ్చి ఉంటే అప్పుడు కంపెనీకి ఫోన్ చేయాల్సిన పని. ఈ ఒక్క పోలిక చేయకుండా రూటర్ మార్చి, డబ్బు పోయాక కూడా అదే 38 చూసేవాళ్లు చాలామంది ఉన్నారు.

లక్షణం 1: ఫోన్‌లో వేగం ఉంది, ల్యాప్‌టాప్‌లో లేదు

విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఈ రెండు కమాండ్లు ఒకదాని తర్వాత ఒకటి కొట్టండి.

```
netsh wlan show interfaces
netsh wlan show drivers
```

మొదటిది, ఈ క్షణంలో ల్యాప్‌టాప్ రూటర్‌తో ఎలా మాట్లాడుతోందో చెబుతుంది. రెండోది, ఆ ల్యాప్‌టాప్‌లోని వైఫై కార్డుకి అసలు ఏమేం వచ్చో చెబుతుంది. మా చెల్లెలు పంపిన స్క్రీన్‌షాట్‌లో పనికొచ్చే వరుసలు ఇవి:

```
Radio type             : 802.11n
Channel                : 6
Receive rate (Mbps)    : 72
Signal                 : 92%
```

సిగ్నల్ 92 శాతం ఉంది. అంటే రూటర్ దూరమూ కాదు, గోడలు అడ్డమూ కాదు. అయినా Receive rate 72 దగ్గర ఆగిపోయింది. ఇది ఇంటర్నెట్ వేగం కాదు, కార్డూ రూటరూ తమలో తాము ఒప్పుకున్న లింక్ వేగం. ఇందులో సగం నుంచి మూడింట రెండు వంతుల వరకే మన చేతికి వస్తుంది. మిగతాది వాళ్లిద్దరి పలకరింపులకీ, 'అందిందా, అందింది' అనే కబుర్లకీ, పక్కవాళ్ల సిగ్నల్ ఆగేదాకా వేచి ఉండటానికీ పోతుంది. లింకే 72 అయితే 38 రావడంలో వింత లేదు. 200 ప్లాన్‌ని 500 చేసినా ఆ 38 కదలదు.

ఈ 72 కూడా ఊరికే వచ్చిన అంకె కాదు. 802.11n అంటే వైఫై 4. ఒకే యాంటెనా ఉన్న వైఫై 4 కార్డు, 20 మెగాహెర్ట్జ్ వెడల్పున్న చానెల్ మీద ఎక్కగలిగిన గరిష్ఠ లింక్ అదే. కింద చానెల్ 6 అని ఉందంటే 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్ అని అర్థం. ఆ బ్యాండ్‌లో చానెళ్లు 1 నుంచి 13 వరకు ఉంటాయి. 36, 44, 149 లాంటి అంకె కనిపిస్తే 5 గిగాహెర్ట్జ్‌లో ఉన్నట్టు. 2.4లో ఒకదానిమీద ఒకటి పడకుండా వాడుకోగలిగినవి 1, 6, 11 అనే మూడు చానెళ్లే. అపార్ట్‌మెంట్‌లో ఇరవై రూటర్లుంటే అవన్నీ ఆ మూడింట్లోనే సర్దుకోవాలి.

తరాల తేడా అర్థం కావాలంటే లింక్ వేగాలే చూడండి. వైఫై 5, అంటే 802.11ac, 5 గిగాహెర్ట్జ్‌లోనే పనిచేస్తుంది. 80 మెగాహెర్ట్జ్ చానెల్ మీద ఒక యాంటెనాతో 433, రెండింటితో 866 వస్తుంది. వైఫై 6, అంటే 802.11ax, అదే వెడల్పులో రెండు యాంటెనాలతో 1201 ఇస్తుంది. ఈ లెక్కన 200 ఎంబీపీఎస్ ప్లాన్ ఉన్న ఇంటికి రెండు యాంటెనాల వైఫై 5 కార్డు సరిపోతుంది. ఆ ఇంట్లో వైఫై 7 ల్యాప్‌టాప్ పెట్టినా స్పీడ్ టెస్ట్‌లో 200 దాటదు, ఎందుకంటే అక్కడ గొంతు పట్టుకున్నది ప్లానే.

ఇప్పుడు రెండో కమాండ్ ఫలితంలో `Radio types supported` అనే వరుస వెతకండి. పరిష్కారం ఎటు పోవాలో ఇక్కడే తేలుతుంది.

అందులో 802.11ac గానీ 802.11ax గానీ ఉండి, మొదటి కమాండ్‌లో మాత్రం 2.4 చానెల్ కనిపిస్తే కార్డు మంచిదే, తప్పు బ్యాండ్‌లో కూర్చుంది. చాలా రూటర్లు రెండు బ్యాండ్‌లకీ ఒకే పేరు పెడతాయి. ల్యాప్‌టాప్ పడకగదిలో ఉన్నప్పుడు 2.4 పట్టుకుని, హాల్లోకి తెచ్చాక కూడా దాన్నే పట్టుకుని వేలాడుతుంది. రూటర్ సెట్టింగుల్లోకి వెళ్లి 5 గిగాహెర్ట్జ్‌కి వేరే పేరు పెట్టండి, ల్యాప్‌టాప్‌ని దానికి కలిపి పాత పేరుని మరిచిపొమ్మనండి. లేదంటే డివైస్ మేనేజర్‌లో వైఫై కార్డు Properties తెరిచి, Advanced కింద `Preferred Band` అనేది ఉంటే దాన్ని 5 గిగాహెర్ట్జ్‌కి మార్చండి. పైసా ఖర్చు లేదు. ముందు దీన్నే ప్రయత్నించాలి.

మా చెల్లెలి ల్యాప్‌టాప్‌లో మాత్రం ఆ వరుసలో ఉన్నవి 802.11b, 802.11g, 802.11n, అంతే. 802.11a కూడా లేదు. అది కూడా లేదంటే ఆ కార్డుకి 5 గిగాహెర్ట్జ్ అసలు కనపడదు. "మా ఇంటి నెట్‌వర్క్ పేరు చివర 5G అని ఉండేది ఫోన్‌లో కనిపిస్తుంది, ల్యాప్‌టాప్‌లో రాదు" అని ఆమె ఎప్పటినుంచో అంటూనే ఉంది. ఆ మాటకి కారణం ఇదే. ప్రాసెసర్, ర్యామ్ గొప్పగా రాసి, వైఫై కార్డు దగ్గర కోత పెట్టిన తక్కువ ధర ల్యాప్‌టాప్ అది. కొనేటప్పుడు ఆ కాగితంలో వైఫై వరుస ఎవరూ చదవరు. చదవాలి.

లక్షణం 2: బ్లూటూత్ హెడ్‌సెట్ పెట్టుకోగానే వేగం ఇంకా పడిపోతోంది

మీటింగ్‌లో గొంతు తెగిపోవడానికి అసలు కారణం ఇక్కడుంది. హెడ్‌సెట్ ఆపి టెస్ట్ పెట్టమన్నాను: 38. హెడ్‌సెట్ కలిపి, కాల్‌లో ఉండగా పెట్టమన్నాను: 14.

బ్లూటూత్ కూడా 2.4 గిగాహెర్ట్జ్‌లోనే నడుస్తుంది. హెడ్‌సెట్లు వాడే మామూలు బ్లూటూత్ ఆ బ్యాండ్‌లోని 79 చిన్న చానెళ్ల మీద సెకనుకు 1600 సార్లు గెంతుతూ ఉంటుంది. రద్దీగా ఉన్న చానెళ్లని తప్పించుకునే తెలివి దానికి ఉన్నా, ల్యాప్‌టాప్‌లో ఇంకో చిక్కు ఉంది. వైఫై, బ్లూటూత్ రెండూ ఒకే కార్డులో ఉంటాయి. ఒకే యాంటెనా ఉన్న చోట వైఫై కూడా 2.4లోనే ఉంటే, ఇద్దరూ వంతులు వేసుకోవాలి. పాటలు వింటున్నప్పుడు బ్లూటూత్ ముందే కొంత నింపి పెట్టుకోగలదు కాబట్టి కాస్త సర్దుకుంటుంది. మైకు వాడే కాల్‌లో గొంతు ఎప్పటికప్పుడు వెళ్లాలి. అందుకని బ్లూటూత్ తన వంతుని తప్పకుండా తీసుకుంటుంది, వైఫై ఆగుతుంది. అలా ఆగినప్పుడు మీటింగ్‌లో అవతలివాళ్లకి మాట తెగుతుంది.

"మరి బ్లూటూత్ 5.3 ఉన్న ల్యాప్‌టాప్ అయితే నెట్ వేగంగా వస్తుందా?" అని అడిగింది. రాదు. బ్లూటూత్ వెర్షన్‌కీ ఇంటర్నెట్ వేగానికీ సంబంధం లేదు. 5.0లో కొత్తగా వచ్చిన 2 ఎంబీపీఎస్ వేగం తక్కువ కరెంటుతో నడిచే బ్లూటూత్ ఎల్ఈ అనే రకానిది, అది కూడా పరికరానికీ పరికరానికీ మధ్య లెక్క. 5.2తో వచ్చిన ఎల్ఈ ఆడియో వల్ల కాల్‌లో శబ్దం మెరుగుపడొచ్చు, కానీ ల్యాప్‌టాప్, హెడ్‌సెట్, విండోస్ మూడూ దాన్ని ఒప్పుకోవాలి. ఏ వెర్షన్ అయినా నడిచేది 2.4 బ్యాండ్‌లోనే.

మీ వెర్షన్ తెలుసుకోవాలంటే డివైస్ మేనేజర్‌లో బ్లూటూత్ అడాప్టర్ Properties తెరిచి, Advanced కింద `LMP` పక్కన ఉన్న అంకె చూడండి. 8 అంటే 4.2, 9 అంటే 5.0, 11 అంటే 5.2, 12 అంటే 5.3. మా చెల్లెలిది 8.

పరిష్కారం బ్లూటూత్‌ని మార్చడం కాదు, వైఫైని దాని దారి నుంచి తప్పించి 5 గిగాహెర్ట్జ్‌కి పంపడం. అది కుదిరేదాకా మీటింగ్‌లకి వైరు ఇయర్‌ఫోన్ పెట్టుకోమన్నాను. ఆ సాయంత్రమే గొంతు తెగడం ఆగింది.

కార్డు మార్చాలా, డాంగిల్ చాలా?

చాలా ల్యాప్‌టాప్‌లలో వైఫై కార్డు గోరంత ముక్క, ఒక స్క్రూతో బిగించి ఉంటుంది. దాన్ని మార్చుకోవచ్చు. కానీ కొనేముందు మూడు చూడాలి. పలచటి మోడళ్లలో కార్డు బోర్డుకే అతికి ఉంటుంది, మార్చలేం. రెండోది, కార్డు రకం: ఇంటెల్ ఏఎక్స్210 మామూలు ఎం.2 కార్డు, ఏఎండీ ల్యాప్‌టాప్‌లో కూడా పనిచేస్తుంది. పేరులో ఒక్క అంకె తేడా ఉన్న ఏఎక్స్211 మాత్రం దానికి తగ్గ ఇంటెల్ ప్రాసెసర్ ఉంటేనే పనిచేస్తుంది. ఈ ఒక్క అంకె దగ్గర పొరపడి వెనక్కి పంపేవాళ్లు ఎక్కువ. మూడోది, లోపల యాంటెనా వైర్లు ఎన్ని ఉన్నాయో.

అడుగు మూత తీసి ఫోటో పంపింది. కార్డు మీద నల్ల వైరు ఒక్కటే ఉంది. రెండు యాంటెనాల కార్డు పెట్టినా రెండోదానికి వైరు లేదు. అందుకని వైఫై 5 డాంగిల్ తెప్పించాం, రెండు బ్యాండ్‌లదీ, యూఎస్‌బీ 3.0దీ. డాంగిల్ కొంటే ప్యాకెట్ మీద `AC` లేదా `AX` ఉందో లేదో చూడండి. `N150`, `N300` అని ఉన్నవి తెస్తే మళ్లీ మొదటికే వస్తారు.

పెట్టాక చేయాల్సిన పని ఒకటుంది. డివైస్ మేనేజర్‌లో పాత వైఫై కార్డుని డిసేబుల్ చేయాలి, బ్లూటూత్‌ని మాత్రం ముట్టుకోకూడదు. ఎయిర్‌ప్లేన్ మోడ్ పెడితే అన్నీ ఆగిపోతాయి, కాబట్టి అది కాదు. ఇప్పుడు లోపలి యాంటెనా మొత్తం బ్లూటూత్‌దే. లింక్ 866 చూపించింది, టెస్ట్‌లో 188 వచ్చింది. హెడ్‌సెట్ పెట్టుకుని కాల్‌లో ఉండగా పెడితే 185. రెండు గోడల అవతల పడకగదిలో మాత్రం 80కి పడింది. 5 గిగాహెర్ట్జ్ గోడలు దాటడంలో 2.4 కన్నా బలహీనం, అది ఏ తరం వైఫై కొన్నా మారదు. ఆ గదిలో పని ఎక్కువైతే రూటర్‌ని నడవలోకి జరపాలి.

లక్షణం 3: ఏ పరికరంలో చూసినా 94 దగ్గరే ఆగుతోంది

200 ప్లాన్ మీద ఫోన్, ల్యాప్‌టాప్, టీవీ అన్నీ 93, 94 చూపిస్తే అది వైఫై జబ్బు కాదు. ఫైబర్ పెట్టెకీ రూటర్‌కీ మధ్య కేబుల్ 100 ఎంబీపీఎస్ దగ్గర లింక్ అయింది. రూటర్ పోర్టే 100ది కావచ్చు, లేదా కేబుల్‌లో తీగ తెగి ఉండొచ్చు. గిగాబిట్‌కి లోపలి 8 తీగలూ కావాలి, 100కి 4 చాలు. అందుకే ఆ నాలుగూ కాక మిగతావాటిలో ఒక తీగ పోయినా చాలాసార్లు నెట్ ఆగదు, 94 దగ్గర నిలబడిపోతుంది. ముందు కేబుల్ మార్చి చూడండి.

లక్షణం 4: వైఫై బాగుపడింది, మౌస్ మొరాయిస్తోంది

డాంగిల్ పెట్టిన మర్నాడు మళ్లీ ఫోన్. "నెట్ అదిరిపోయింది అన్నయ్యా, కానీ మౌస్ ఆగి ఆగి కదులుతోంది." వైర్‌లెస్ మౌస్ రిసీవర్ డాంగిల్ పక్క పోర్టులోనే ఉంది. యూఎస్‌బీ 3.0 పరికరాలు పనిచేసేటప్పుడు 2.4 గిగాహెర్ట్జ్ చుట్టుపక్కల రొద పుట్టిస్తాయి. ఇంటెల్ 2012లోనే దీనిమీద పత్రం వెలువరించింది. ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్ పెట్టినప్పుడు బ్లూటూత్ గరగరలాడటానికి కూడా చాలాసార్లు ఇదే కారణం. రిసీవర్‌ని అవతలి వైపు పోర్టులోకి మార్చమన్నాను. మౌస్ సరిగ్గా కదిలింది.