చలాన్ కట్టినా రిటర్నులో ఇంకా బాకీ చూపిస్తోందా?

లక్షణం: ఆదాయపు పన్ను రిటర్ను గడువు దాటాక లెక్క వేసుకుని పన్ను, లేట్ ఫీజు, వడ్డీ కట్టేశారు. అయినా రిటర్ను సబ్మిట్ చేయబోతే ఇంకా కొన్ని వేలు కట్టమంటోంది.

ముందు చలాన్ తెరిచి అసెస్‌మెంట్ ఇయర్ చూడండి. 2023-24లో వచ్చిన ఆదాయానికి అక్కడ 2024-25 ఉండాలి. చాలామంది ఇది చూడకుండానే టెన్షన్ పడిపోతారు. ఏడాది తప్పు పడితే మీరు కట్టిన డబ్బు ఈ రిటర్నులో లెక్కకు రాదు.

అది సరిగ్గానే ఉంటే అసలు కారణం దాదాపు ఎప్పుడూ సెక్షన్ 234Bయే. గడువు తర్వాతి నుంచే వడ్డీ అనుకుంటాం. ఆ వడ్డీ 234A. కానీ టీడీఎస్ పోగా 10,000 రూపాయలు, ఆపైన పన్ను మిగిలేవాళ్లు ఆ ఏడాదిలోనే అడ్వాన్స్ టాక్స్ కట్టాలి. కట్టకపోతే 234B వడ్డీ ఏప్రిల్ 1 నుంచే మొదలవుతుంది. వాయిదాలు తప్పినందుకు 234C వేరే.

ఒక ఉద్యోగి సంగతి చూద్దాం. ఆదాయం 5 లక్షలు దాటింది, ఇంటి అద్దె మీద 40,000 పన్ను మిగిలింది, అడ్వాన్స్ టాక్స్ ఏమీ కట్టలేదు. గడువు 2024 జులై 31, పన్ను కట్టి రిటర్ను వేసింది నవంబర్ 5న. ఆయన లెక్క: పన్ను 40,000, ఫీజు 5,000, నాలుగు నెలల వడ్డీ 1,600, మొత్తం 46,600. నవంబర్‌లో అయిదు రోజులే అయినా పూర్తి నెల కిందే లెక్క, అది ఆయన సరిగ్గానే పట్టుకున్నారు. వదిలేసింది 234B: ఏప్రిల్ నుంచి నవంబర్ దాకా ఎనిమిది నెలలు, నెలకు ఒక శాతం, 3,200. ఇక 234C కింద మొదటి మూడు వాయిదాల లోటు మీద 3 శాతం చొప్పున 180, 540, 900, చివరిదాని మీద 1 శాతం 400, కలిపి 2,020. అసలు కట్టాల్సింది 51,820. తెర మీద కనిపించే 5,220 బాకీ ఇదే.

పరిష్కారం: e-Pay Taxలో Self-Assessment Tax (300) కింద ఆ తేడా అదే నెలలో కట్టి, రెండో చలాన్ వివరాలు కూడా నింపి, నెల మారకముందే సబ్మిట్ చేయండి. నెల మారితే 234A మళ్లీ పెరుగుతుంది.

రిటర్ను ఆలస్యమవుతుందని ముందే తెలిస్తే పన్నయినా జులైలోనే కట్టేయండి. ఈయన జులై 30న పన్నుతో పాటు అప్పటి వడ్డీ కూడా కట్టి ఉంటే 234A పడేది కాదు, 234B సగమయ్యేది. 3,200 మిగిలేవి.

వ్యాపార ఆదాయం లేని 60 ఏళ్లు దాటినవాళ్లకు అడ్వాన్స్ టాక్స్ లేదు కాబట్టి 234B, 234C రావు. పన్నంతా టీడీఎస్‌లో పోయినవాళ్లకు ఫీజు ఒక్కటే. ఆదాయం 5 లక్షల లోపైతే అది 1,000. జైలు, ప్రాసిక్యూషన్ అని భయపెట్టేవాళ్ల మాట ఈ స్థాయి ఆలస్యానికి పట్టించుకోనక్కర్లేదు.