లోన్ మార్చే ముందు మిగిలిన నెలలు లెక్కపెట్టుకోండి

పోయిన ఆదివారం మా తోడల్లుడు విజయవాడ నుంచి గుంటూరులో మా ఇంటికి వచ్చాడు, చేతిలో హోం లోన్ స్టేట్‌మెంట్‌తో. పోరంకిలో ఫ్లాట్. 30 లక్షల అప్పు, 8.5 శాతం వడ్డీ, 20 ఏళ్లు, నెలకి 26,035 ఈఎంఐ. మూడేళ్లలో 9.37 లక్షలు కట్టాడు. అసలులో తగ్గింది 1.95 లక్షలే. "మోసం అన్నయ్యా ఇది. వేరే బ్యాంకుకి మార్చేస్తున్నా, అక్కడ పావు శాతం తక్కువ, ఈఎంఐ కూడా రెండు వేలు తగ్గుతుంది" అన్నాడు. కాగితాలన్నీ సిద్ధం, సంతకం పెట్టడమే తరువాయి.

ముందు స్టేట్‌మెంట్ సంగతి

అందులో మోసం లేదు. మన ఊళ్లలో నోటు రాసుకున్నప్పటి లెక్కే వేసి చూడండి. ఏడాదికి 8.5 శాతం అంటే నెలకి నూటికి దాదాపు 71 పైసల వడ్డీ. 30 లక్షల మీద మొదటి నెల వడ్డీ 21,250. కట్టిన 26,035లో అది పోగా అసలుకి జమయ్యేది 4,785. రెండో నెల వడ్డీ ఆ మిగిలిన 29,95,215 మీద పడుతుంది కాబట్టి 34 రూపాయలు తగ్గుతుంది, ఆ 34 అసలుకి చేరుతుంది. ఇలా నత్తనడకన జరిగి, ఈఎంఐలో సగం అసలుకి పోయే రోజు రావడానికి దాదాపు 12 ఏళ్లు పడుతుంది. అప్పు పెద్దదిగా ఉన్నన్నాళ్లూ వడ్డీ పెద్దదిగానే ఉంటుంది, అంతే.

అసలు ప్రమాదం

కొంపలు ముంచేది ఆ తర్వాత చేసే పని. లోన్ సెక్షన్‌లో పనిచేసినన్నాళ్లూ చూశాను: ఈఎంఐ తగ్గిందని సంబరపడి, మళ్లీ 20 ఏళ్లకి సంతకం పెట్టేస్తారు.

మా తోడల్లుడి లెక్కే చూడండి. ఇప్పుడు బాకీ 28,04,600. మిగిలినవి 204 నెలలు. ఏమీ మార్చకపోతే ఇంకా కట్టాల్సింది మొత్తం 53.11 లక్షలు. కొత్త బ్యాంకులో 8.25 శాతానికి, మళ్లీ 240 నెలలకి పెడితే ఈఎంఐ 23,897. నెలకి 2,138 మిగులు, నిజమే. కానీ మొత్తం 57.35 లక్షలు అవుతుంది. వడ్డీ రేటు తగ్గి, కట్టేది 4.24 లక్షలు పెరిగింది! ప్రాసెసింగ్ ఫీజు, దస్తావేజుల తనఖా ఖర్చు దీనికి అదనం.

అదే 8.25 శాతానికి మారి, పాత 26,035 కడుతూ పోతే 197 నెలల్లో తీరిపోతుంది. అంటే ఏడు ఈఎంఐలు మిగిలినట్టు. మారడం తప్పు కాదు, నెలలు పెంచుకోవడం తప్పు.

కాబట్టి:

ఈఎంఐ చూడకండి. మిగిలిన నెలలు చూడండి.

ముందు మీ బ్యాంకుకే వెళ్లి రేటు తగ్గించమని అడగండి. చాలా బ్యాంకులు కొంత ఫీజు తీసుకుని తగ్గిస్తాయి, దస్తావేజులు కదిలించే పని ఉండదు.

మారాల్సిందే అయితే, కొత్త అప్లికేషన్‌లో గడువు దగ్గర మీకు మిగిలిన నెలలే రాయించండి. 204 ఉంటే 204. 240 కాదు.

ఏజెంటు నింపిన ఫారం మీద చదవకుండా సంతకం పెట్టకండి.

వడ్డీ రేటు పెరిగినప్పుడు ఈఎంఐ మారలేదని నిశ్చింతగా ఉండకండి. మారకపోతే నెలలు పెరిగాయని అర్థం. ఆర్‌బీఐ 2023లో ఇచ్చిన ఆదేశాల ప్రకారం ఈఎంఐ పెంచాలా, నెలలు పెంచాలా అన్నది మీరు చెప్పుకోవచ్చు. మూడు నెలలకోసారి ఇచ్చే స్టేట్‌మెంట్‌లో ఇంకా ఎన్ని ఈఎంఐలు ఉన్నాయో రాసి ఉంటుంది. మొదట ఆ అంకె దగ్గరికే వెళ్లండి.

చేతికి డబ్బు వస్తే ఇప్పుడే కట్టండి, పదేళ్లు పోయాక కాదు. ఈ లోన్‌లోనే ఇవాళ లక్ష రూపాయలు అసలుకి జమ చేసి ఈఎంఐ అలాగే ఉంచితే 15 నెలలు ఎగిరిపోతాయి. ఫ్లోటింగ్ రేటు మీద సొంతానికి తీసుకున్న హోం లోన్‌కి ముందుగా కట్టినందుకు జరిమానా లేదు.

అలా కట్టేటప్పుడు "ఈఎంఐ తగ్గించవద్దు, గడువు తగ్గించండి" అని కాగితం మీద రాసివ్వండి. నోటిమాటగా చెప్పి వచ్చేయకండి. వారం తర్వాత స్టేట్‌మెంట్ తీసి నెలలు తగ్గాయో లేదో చూడండి.

మళ్లీ చెబుతున్నాను, ఈఎంఐ కాదు, నెలలు.

మా తోడల్లుడు సోమవారం ఏజెంటుకి ఫోన్ చేసి 204 నెలలకే కావాలన్నాడట. "అందరూ ఈఎంఐ తగ్గాలంటారు, మీరేంటి సార్ ఇలా" అని, మళ్లీ చేస్తానని పెట్టేశాడట. ఇంతవరకూ చేయలేదు.