వాల్వు ఫోటోకి కెమెరా ఎత్తే ముందు

ముందుగా టేపు తీయండి. రెండంగుళాల గేటు వాల్వు రెండు ఫ్లాంజిల మధ్య పొడవు 18 సెం.మీ. అనుకుందాం. ముందు ఫ్లాంజి కెమెరాకి 60 సెం.మీ. దూరంలో ఉంటే వెనకది 78లో పడుతుంది. రెండూ ఒకే సైజే అయినా ముందుది 30 శాతం పెద్దగా కనబడుతుంది. బొబ్బిలిలో ఫోటో చూసి ఆర్డరిచ్చేవాళ్లు దాన్ని రెండు చివర్లూ వేరువేరు సైజులున్న వాల్వు అనుకున్నా తప్పులేదు! వాల్వుకి రెండు మీటర్ల దూరం వచ్చేదాకా వెనక్కి జరిగి జూమ్ చేయండి, తేడా 9 శాతానికి దిగుతుంది.

బోల్టు ఫోటో ఒకటి పరీక్షకి తీసి తెరమీద స్కేలు పెట్టండి. ఎం12, 60 మి.మీ. బోల్టులో తల వదిలేస్తే పొడవు మందానికి అయిదింతలుండాలి. తక్కువొస్తే బోల్టు కెమెరాకి ఏటవాలుగా ఉన్నట్టే.

బేరింగ్ అద్దమే. ట్యూబ్‌లైటు ఆపండి, దీపానికీ బేరింగ్‌కీ మధ్య ట్రేసింగ్ పేపరు కట్టండి. అంతా తెలుపైతే అంచులు మాయమవుతాయి, అందుకని రెండు పక్కలా నల్ల అట్టముక్క నిలబెట్టండి.

చేతికి నూలు గ్లౌజులు తప్పనిసరి. మన సముద్రపు గాలికి చెమట వేలిముద్ర తుప్పుగా మారడానికి ఎన్నాళ్లో పట్టదు. ఫోటోకని తుడిచిన నూనె, అవగానే మళ్లీ రాయండి.