ష్యూరిటీ లేకుండా ముద్రా లోన్: అప్లై చేసే ముందు కాగితాలు ఇలా సర్దుకోండి

ముందు ఒక అపోహ తీసేద్దాం. గవర్నమెంట్ గ్యారంటీ ఉంది కదా, కట్టకపోయినా పర్లేదు అనుకుంటారు చాలామంది, కానీ ఆ గ్యారంటీ బ్యాంకుకి, మనకి కాదు. మనం ఎగ్గొడితే నష్టంలో కొంత భాగం గ్యారంటీ ఫండ్ బ్యాంకుకి ఇస్తుంది, మన బాకీ అలాగే ఉంటుంది, సిబిల్ కూడా పాడవుతుంది. ముద్రా లోన్లకి ఈ గ్యారంటీ సీజీఎఫ్ఎంయూ అనే ఫండ్ కింద వస్తుంది, అంతకంటే పెద్ద లోన్లకి ఎక్కువగా సీజీటీఎమ్ఎస్ఈ అనే గ్యారంటీ ట్రస్ట్ కింద. రెండింటికీ మనం విడిగా అప్లై చేయక్కర్లేదు, బ్యాంకే చూసుకుంటుంది.

ముద్రాలో 50 వేల వరకు శిశు, 5 లక్షల వరకు కిశోర్, 10 లక్షల వరకు తరుణ్. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకి కిశోర్ దగ్గరే అసలు పరీక్ష, ఎందుకంటే చూపించడానికి పాత లెక్కలు ఉండవు, కొటేషనే మన సాక్ష్యం.

ఉదాహరణకి ఒకావిడ బ్యాగులు కుట్టే యూనిట్ పెడుతోంది అనుకోండి. మెషిన్లు జీఎస్టీతో కలిపి 2,40,000, మూడు నెలలకి గుడ్డ, జిప్పులు, కూలీ 1,20,000, మొత్తం 3,60,000. ఇందులో 60 వేలు తన సొంతం, 3 లక్షలు లోన్. మెషిన్ల భాగం కిస్తీల్లో తీర్చే టర్మ్ లోన్ అవుతుంది, దాన్ని బ్యాంకు మామూలుగా అమ్మేవాడి అకౌంట్‌కే పంపిస్తుంది, అందుకే కొటేషన్‌లో జీఎస్టీ నంబరు, మెషిన్ మోడల్, తేదీ, సంతకం ఉండాలి. నేను మొదటిసారి తెల్లకాగితం మీద రాయించుకుని వెళ్తే మేనేజర్ చూసి అలాగే తిరిగిచ్చేశాడు, రెండు వారాలు వేస్ట్.

మిగతావి ఆధార్, పాన్, ఫోటోలు, ఆరు నెలల బ్యాంకు స్టేట్‌మెంట్, షాపు రెంట్ అగ్రిమెంట్, చిన్న ప్రాజెక్ట్ రిపోర్ట్, చిన్న వ్యాపారంగా రిజిస్టర్ అయినట్టు ఇచ్చే ఉద్యమ్ సర్టిఫికెట్. ఉద్యమ్ udyamregistration.gov.in లో పూర్తిగా ఫ్రీ, డబ్బులడిగే సైట్ కనబడితే అది వేరేది అని అర్థం. రిపోర్ట్‌లో నెలకి ఎన్ని బ్యాగులు, ఎవరికి అమ్ముతారు, కిస్తీ కట్టాక ఎంత మిగులుతుంది అనేది మీరే చెప్పగలగాలి, ఎవరో టైప్ చేసిచ్చింది పట్టుకెళ్తే రెండో ప్రశ్నకే దొరికిపోతారు.

అప్లికేషన్ jansamarth.in లో పెట్టొచ్చు, లేదా నేరుగా బ్రాంచ్‌లో ఇవ్వొచ్చు. పోర్టల్‌లో ఇన్-ప్రిన్సిపల్ అప్రూవల్ వచ్చిందంటే లోన్ వచ్చేసినట్టు కాదు, బ్రాంచ్ వాళ్ళు చూసి సాంక్షన్ లెటర్ ఇచ్చాకే మెషిన్‌కి అడ్వాన్స్ ఇవ్వండి.

లోన్‌తో కొన్న మెషిన్లు బ్యాంకు పేరున హైపోథికేట్ అవుతాయి, అంటే మెషిన్లు మన దగ్గరే ఉంటాయి, బాకీ తీరేదాకా వాటి మీద బ్యాంకుకి హక్కు ఉంటుంది, అది మామూలే. కానీ 10 లక్షల లోపు చిన్న యూనిట్లకి ఇల్లు కాగితాలో ఎఫ్‌డీయో తనఖా అడగకూడదని ఆర్‌బీఐ రూల్ ఉంది, అడిగితే అదే మాట రాసివ్వమనండి. రాసిచ్చేవాళ్ళు చాలా తక్కువ.