కొలత తెలిసిన తిండి – 4వ పాఠం: విందు రోజు లెక్క

పోయిన పాఠంలో ఇంట్లో వండుకున్నది తూచి రాసుకోవడం చూశాం. విందులో త్రాసు ఉండదు, వండింది మనమూ కాదు. అయినా చాలామందికి లెక్క పొద్దున్నే తప్పిపోతుంది. మధ్యాహ్నం ఎలాగూ తింటాం కదా అని టిఫిన్ మానేస్తారు. పెళ్లి భోజనం చెప్పిన వేళకు పెట్టడం నేనింతవరకు చూడలేదు. ఒంటిగంట అన్నది రెండున్నర అవుతుంది. అప్పటికి కడుపు కాలిపోతుంటే ఏది ఎంత వడ్డించుకున్నామో చూసే ఓపిక ఉండదు.

రోజుకు 1,800 కేలరీలు పెట్టుకున్న మనిషిని తీసుకుందాం. మామూలుగా పొద్దున 400, మధ్యాహ్నం 650, సాయంత్రం చిరుతిండి 150, రాత్రి 600. విందు రోజున పొద్దున 350 తినాలి, అందులో గుడ్లో పెరుగో ఉంటే ఆకలి కాస్త ఆగుతుంది. చిరుతిండి వదిలేసి, రాత్రికి 400 ఉంచుకుంటే విందుకు 1,050 మిగులుతాయి. ఏ పూటా మానలేదు, కొంచెం కొంచెం జరిపామంతే. ఇన్సులిన్ గానీ షుగర్ మాత్రలు గానీ వాడేవాళ్లు మాత్రం ఈ మార్పులు డాక్టర్‌ని అడిగాకే చేయాలి.

పళ్లెం దగ్గర చెయ్యే కొలత. పిడికిలంత అన్నం సుమారు 200 కేలరీలు. బొటనవేలంత నూనె లేదా నెయ్యి 120 దాకా ఉంటుంది. మోసం చేసేది ఈ రెండోదే, కూరలో కలిసిపోయి కనపడదు. అందుకే నూనె తేలే ప్రతి కూరకూ ఒక బొటనవేలు అదనంగా రాసుకోండి. స్వీట్లలో నిజంగా ఇష్టమైనది ముందే ఎంచుకుని దానికి చోటు ఉంచండి. అన్నీ తలా కొంచెం రుచి చూస్తే ఆ కొంచేలే 400 అవుతాయి.

ఇంత చేసినా మన మనిషి విందులో 1,400 తిన్నాడు. రోజు మొత్తం 2,150, అంటే 350 ఎక్కువ. రాత్రి భోజనం మానేస్తే సరి అనిపిస్తుంది. మానకూడదు, అనుకున్న 400 తినాలి. వారం మొత్తం మీద 12,600కి 350 అంటే మూడు శాతం కూడా కాదు.

అసలు చిక్కు మర్నాడు పొద్దున. బరువు చూసుకుంటే 1.2 కిలోలు పెరిగి ఉంటుంది, గుండె గుభేలుమంటుంది. కిలో కొవ్వు చేరాలంటే సుమారు 7,700 కేలరీలు మిగలాలి, మిగిలింది 350. ఆ పెరిగిందంతా దాదాపుగా ఉప్పూ పిండిపదార్థాలూ పట్టి ఉంచిన నీరు, ఇంకా అరగని తిండి. అది చూసి ఉపవాసం ఉంటే రాత్రి పదింటికి ఫ్రిజ్ తలుపు తెరుస్తారు. మర్నాడు మళ్లీ అదే 1,800, అదే వేళలకు.

ఈ వారం అభ్యాసం: ఇంట్లో పిడికిలంత అన్నం తీసి, తర్వాత తూచి చూడండి. అందరి పిడికిలీ ఒకటి కాదు, మీ అంకె రాసి పెట్టుకోండి. విందు తర్వాత బరువు నాలుగు రోజులు వరసగా చూసి రాయండి, అయిదో పాఠంలో ఆ కాగితం కావాలి.